అంకె వేయని ఉత్తరం

అరవై తొమ్మిది వేసవిలో నా పెళ్ళయింది. ఆ వేసవి గురించి ఎవరైనా అడిగితే ఎండల సంగతి చెప్పి తప్పించుకుంటాను. ఎండలు నిజంగానే మండిపోయాయి. కానీ చెప్పాల్సింది ఎండల గురించి కాదు, ఒక ఉత్తరం గురించి. ఆ ఉత్తరం రాసింది నేనే. పద్ధతిగా, ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నా రాత మీద నాకప్పట్లో చాలా పొగరు.

శ్రీకూర్మంలో మా ఇంటిముందు పందిట్లో భోజనాలయ్యాక చదివింపులు మొదలయ్యాయి. మా పెదనాన్నగారి అబ్బాయి జగన్నాథం అన్నయ్య నోటుపుస్తకం ముందు పెట్టుకుని, వచ్చిన ప్రతివాళ్ళ పేరూ, వాళ్ళిచ్చినదీ గట్టిగా చదువుతూ రాసుకుంటున్నాడు. నూటపదహార్లు వస్తే వాడి గొంతు వీధి చివరిదాకా వినిపించేది. రెండు రూపాయలొస్తే వాడికి దగ్గొచ్చేది. నాకు సిగ్గేసినా కొత్త పెళ్ళికూతుర్ని కాబట్టి తలొంచుకుని కూర్చున్నాను.

అప్పుడు అప్పలసూరి మాస్టారు లేచి, అన్నయ్య దగ్గరికి కాకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చారు. మా ఆయనకి చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది ఆయనే. రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఏజెన్సీ అంచున కొండకింద ఊళ్ళో ఒంటరిగా ఉంటూ ఆ ఊరి బడి నడిపేవారు. నా చేతిలో ఒక కవరు పెట్టి మెల్లిగా అన్నారు.

"ఇది సదివించొద్దమ్మా."

"అదేటి మాస్టారూ?" అన్నాడు పక్కనున్న మా ఆయన.

"నా సిన్నప్పుడు మా అయ్య ఓ పెళ్ళిలో పావలా సదివించాడురా కూర్మా. ఆ సదివినోడు కావాలనే రెండుసార్లు సదివాడు. పందిరంతా నవ్వింది. ఆ ఏల్టి నుంచి ఎవులికి ఏటిచ్చినా నా నోటితో సెప్పను. పుచ్చుకున్నోళ్ళూ సెప్పకూడదు."

నవ్వుతూనే చెప్పారు గానీ, మేం తల ఊపేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

ఆ కవరు సాలూరు వచ్చాకే విప్పాం. మా ఆయన అక్కడ ఒక లారీల బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. బజారుకి వెనకవీధిలో ఒంటిగది అద్దెకి తీసుకున్నాం. కవర్లో మూడు వంద కాగితాలు, పది, అయిదు, ఒక రూపాయి. మూడువందల పదహారు. మా పెళ్ళిలో ఇంకెవరూ అంత ఇవ్వలేదు. మా ఆయన మంచినీళ్ళు అడిగి తాగి, ఆ నోట్లు మళ్ళీ కవర్లో పెట్టేశాడు.

"ఆయన జీతం నూటచిల్లర. ఇంతెక్కణ్ణించి తెచ్చారు? తిరిగి ఇచ్చీడం మంచిది."

"పెళ్ళి కానుక తిప్పి పంపితే ఆ మనిషిని ఇంటిముందు నుంచి పొమ్మన్నట్టే. వద్దు. మంచి ఉత్తరం రాద్దాం."

ఉత్తరం రాయడం మా ఇంట్లో విద్య. మా నాన్న బడిపంతులే కాకుండా, ఊళ్ళో సగంమందికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. పెళ్ళయిన నెల తిరక్కుండా కానుకలిచ్చిన పెద్దలకి రాయాలని నాకు ఆయన నేర్పిందే. కార్డు కొనబోయిన మా ఆయన్ని ఆపి ఇన్‌లాండు తెప్పించాను. కార్డయితే పోస్టుమాను దగ్గర్నించి అందరూ చదువుతారు. ఎవరికి ఎవరేమిచ్చారో వాళ్ళకెందుకు?

"మూడువందల పదహారు ముట్టినవి అని ముందు రాసీ. మధ్యలో ఎవడూ తియ్యలేదని ఆయనకి తెలియాలి కదా" అన్నాడు మా ఆయన. రోజంతా లారీ రసీదులు రాసే చెయ్యి, మరెలా ఆలోచిస్తుంది?

"ఆయన నా చేతిలో పెట్టారు, మధ్యలో ఎవరున్నారు? అంకె వేస్తే అది రసీదైపోతుంది. ఎంతిచ్చారో ఆయనకి తెలుసు, మనకి తెలుసు. కాగితానికి తెలియక్కర్లేదు."

"మరి ఏటి రాస్తావు?"

"ముందు ఆయన వచ్చిన సంగతి. డబ్బు తర్వాత. అది కూడా డబ్బనకూడదు. దానితో ఏం కొన్నామో చెప్పాలి, అప్పుడు ఆయనకి అది కళ్ళముందు కనిపిస్తుంది. ఒకటి రెండు చెబితే చాలు. అన్నీ చెబితే కిరాణాకొట్టు పద్దులా ఉంటుంది."

"రుణం తీర్చుకుంటామని రాయవా?"

"రాయను. కానుకకి రుణమేంటి?"

ఇంకా వాదించబోయి నవ్వేశాడు. కొత్తలో అలాగే ఓడిపోయేవాడు పాపం. ఆ రోజు గెలిచి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

నేను రాసినది ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"పూజ్యులైన మాస్టారుగారికి కూర్మనాథం, జగదీశ్వరి నమస్కరించి వ్రాయునది. మేము క్షేమం. మీ క్షేమం కోరుతున్నాము. అంత ఎండలో రెండు బస్సులు మారి మా పెళ్ళికి వచ్చారు. వంటవాళ్ళకి నీళ్ళు తక్కువైతే మీరే తోడిపెట్టారని తర్వాత తెలిసి ఇద్దరం సిగ్గుపడ్డాం, సంతోషించాం. మీరు దీవించి నా చేతిలో పెట్టిన కానుక మాకు ఇల్లయింది. దానితో ఒక నవారు మంచం, రెండు ఇత్తడి బిందెలు కొనుక్కున్నాం. మిగిలినది ఈ గది అద్దెకి ముందుగా ఇచ్చాం. బడి తెరిచేలోగా మీరొకసారి రావాలి. ఆ మంచం మీద మొదట పడుకునే చుట్టం మీరే కావాలని మా కోరిక."

కింద ఇద్దరం సంతకాలు చేశాం. రెండు సంతకాలుంటేనే అది కాపరం రాసిన ఉత్తరమవుతుందని మా నాన్న మాట. అంచులు జాగ్రత్తగా అంటించి, నేనే వెళ్ళి డబ్బాలో వేశాను.

వారం తిరక్కుండా కార్డొచ్చింది. "మీ ఉత్తరం అందినది. నాలుగుసార్లు చదువుకొన్నాను. జేబులోనే పెట్టుకొని తిరుగుచున్నాను. తప్పక వచ్చెదను." అంతే. చదివి మా ఆయనకేసి చూశాను, చూశావా అన్నట్టు.

మాస్టారు రాలేదు. జూన్ ముదిరినా చినుకు పడలేదు. సాలూరు లారీల ఊరు, డ్రైవర్ల కేకల్తో ఎప్పుడూ గోలగా ఉండేది. ఆ నెలలో సగం లారీలు సరుకుకి కాకుండా, కొండల్లో తిరుగుబాటు అణచడానికొచ్చిన రిజర్వు పోలీసుల కోసం వెళ్ళేవి. టార్పాలిన్ల కింద మనుషులు బారులు తీరి కూర్చుని ఉండేవాళ్ళు, ఒక్కడూ మాట్లాడేవాడు కాదు. కాఫీ హోటల్లో ఎవరైనా కొండల పేరెత్తితే పక్కవాడు డబ్బులిచ్చి లేచిపోయేవాడు. కొండమీద షావుకారు ఇల్లు దోచారనీ, పోలీసులు ఎవరినో పట్టుకుపోయారనీ, వాళ్ళు మళ్ళీ కనపడలేదనీ నూతి దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు. ఎవరి పేరూ చెప్పేవాళ్ళు కాదు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళినవాడు తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలోనే కూర్చునేదాన్ని.

ఒక గురువారం పదిగంటలకి జోగయ్య అనే కానిస్టేబులు వచ్చాడు. ఈ ప్రాంతం వాడే. గుమ్మం బయటే నిలబడి తలగుడ్డ తీశాడు.

"బాబూ, అప్పలసూరి మేస్టరు తవుఁరికి తెలుసునా?"

"మా మాస్టారే. ఏమైంది?" అన్నాడు ఆఫీసుకి బయల్దేరబోతున్న మా ఆయన.

"మొన్న ఆయన్ని పట్టుకొచ్చినారు. కొండోళ్ళకి బూముల అర్జీలు రాసిపెట్టాడంట. జేబులో తవుఁరి ఉత్తరం దొరికినాది. అమ్మగారూ తవుఁరూ ఇద్దరూ రావాల. ఇన్స్‌పెట్రుగారు పిలస్తన్నారు."

కొండకింద ఊరికి బస్సులో గంటన్నర. జోగయ్య మా వెనక సీట్లో కూర్చుని, ఎవరూ వినకుండా ఒకటే మాట చెప్పాడు. "అడిగినదానికి ఇద్దరూ ఒకటే సెప్పండి బాబూ. రెండు రకాలు సెప్పినారంటే మటుకు నానేటి సెయ్యనేను."

మాస్టారి బడే పోలీసుల క్యాంపయింది. సెలవులయినా బడి ఇంకా తెరవలేదు. వరండాలో పిల్లల బెంచీల మీద తుపాకులు ఆనించి పెట్టారు. నల్లబల్ల మీద మాస్టారి రాతలో ఏప్రిల్ నాటి తారీఖు ఇంకా అలాగే ఉంది.

ఇన్స్‌పెక్టరు మా ప్రాంతం మనిషి కాదు. మర్యాదగానే నన్ను కూర్చోమన్నాడు. మా ఆయన్ని పక్కగదిలోకి పంపి, బల్లమీద నా ఉత్తరం పరిచాడు. మడతల దగ్గర నలిగి ఉంది. దాని పక్కన ఉన్నదాన్ని చూడగానే గుర్తుపట్టాను. అది జగన్నాథం అన్నయ్య నోటుపుస్తకం. శ్రీకూర్మం దాకా మనిషిని పంపి తెప్పించారన్నమాట.

"మీ పెళ్ళిలో రెండు రూపాయలిచ్చినవాడి పేరు కూడా ఇందులో ఉంది. ఈ మాస్టారి పేరు లేదు. ఎందుకని?"

"చదివించొద్దన్నారండి."

"డబ్బు ముట్టిందని రాసి ఎంతో రాయని ఉత్తరాలు నేను రెండు రకాలే చూశాను. లంచానివి, కొండల్లో ఉన్నవాళ్ళవి. మీ ఆయన లారీ ఆఫీసులో ఉన్నాడు. లారీలు కొండ ఎక్కుతాయి. కార్డు మీద రాయొచ్చుగా? అంటించి పంపారెందుకు?"

"కానుక సంగతి కార్డు మీద రాయకూడదండి."

"ఎంతో ఎందుకు రాయలేదు?"

"అది మర్యాద కాదండి." ఆ గదిలో ఆ మాట ఎంత పిచ్చిగా వినిపించిందో నాకే తెలిసింది. తలుపు దగ్గరున్న పోలీసు నవ్వాడు.

ఇన్స్‌పెక్టరు నవ్వలేదు. కలం మూత తీసి నాకిచ్చాడు. "ఇప్పుడు రాయండి. మీ సంతకం కిందే. ఎంతిచ్చాడో అంకెల్లో రాయండి. పక్కగదిలో మీ ఆయన కూడా వేరే కాగితం మీద ఇదే రాస్తున్నాడు. రెండూ కలవాలి."

జోగయ్య మాట గుర్తొచ్చింది. ఇద్దరం ఒకటే రాయాలంటే నిజమే రాయాలి, ఇంకో దారి లేదు. మా ఆయనకి అబద్ధం రాయడం చేతకాదు. పెద్ద మొత్తమని భయమేసింది గానీ, నిజం చెప్పేవాళ్ళకి భయమెందుకని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మూడు, ఒకటి, ఆరు. నా అందమైన రాతతో వేశాను.

పక్కగదిలోంచి మా ఆయన కాగితం వచ్చింది. ఇన్స్‌పెక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. కలిశాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ నిమిషం సంతోషించాను కూడా.

"మీరిద్దరూ నిజం చెప్పారు. నమ్ముతున్నాను. వెళ్ళొచ్చు" అంటూ మూడో కాగితం తీసి నావైపు తిప్పాడు. మాస్టారి వాంగ్మూలం. కింద ఆయన సంతకం. పెళ్ళి కానుకగా పదహారు రూపాయలు ఇచ్చితిని అని ఉంది.

ఆ కాగితం దగ్గరికి లాక్కుని మళ్ళీ చదివాను. ఏదేదో చెప్పాను. ఆయన మొహమాటస్తుడనీ, ఇచ్చింది నోటితో చెప్పరనీ, వాళ్ళ నాన్న పావలా సంగతీ, అన్నీ. ఇన్స్‌పెక్టరు వింటూనే కాగితాలు సర్దుకున్నాడు.

"పదహారు ఇచ్చినవాడు ఉన్నమాట చెప్పాడనుకోవచ్చు. మూడువందలిచ్చి పదహారంటే దాస్తున్నాడనే కదమ్మా అర్థం? నూటచిల్లర జీతగాడికి అంత డబ్బు ఎవరిచ్చినట్టు?"

బయటికొచ్చేసరికి మాస్టారు వరండా చివర నేలమీద కూర్చుని ఉన్నారు. గడ్డం మాసింది. కళ్ళజోడు లేదు. జోగయ్య అటు తిరిగి నిలబడ్డాడు, కావాలనే.

"ఎంతని సెప్పినావమ్మా?" అన్నారు.

"మూడువందల పదహారు మాస్టారూ."

నేలమీద వేలితో ఏదో గీస్తూ ఉన్నారు.

"నిజవేఁ సెప్పినావు. నీ తప్పేటి నేదు. ఉత్తరంలో అంకె నేదు గదా, నానేటి సెప్పినా సరిపోతాదనుకున్నాను. పెద్ద మొత్తం సెప్తే మీ ఇంటి మీదకి వస్తాదని, అందరూ ఇచ్చేదే సెప్పీసినాను."

నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన మాస్టారి ముందు గొంతుక్కూర్చున్నాడు. "అంత డబ్బెక్కడిది మాస్టారూ? సెప్పండి, నేను సెప్తాను వాళ్ళకి."

"దొంగసొమ్ము కాదురా. నా పీఎఫ్‌లోంచి తీసినాను. పంచాయతీ సమితి ఆఫీసులో కాగితం ఉంటాది. ఇప్పుడదే సెప్పినా నమ్మరు. ముందు పదహారన్న నోరు గదా."

మా ఆయన మళ్ళీ లోపలికెళ్ళి బతిమాలాడు. కాగితం తెస్తే చూస్తానన్నాడు ఇన్స్‌పెక్టరు. గడువేమీ చెప్పలేదు. చెప్పకపోవడమే నన్ను భయపెట్టింది.

శుక్రవారం సమితి ఆఫీసులో పీఎఫ్ చూసే గుమాస్తా సెలవులో ఉన్నాడు. శనివారం బీరువా తాళంచెవి ఉన్న ఆయన విజయనగరం వెళ్ళాడు. ఆదివారం ఎవరూ లేరు. మా ఆయన మూడు రోజులూ ఆ ఆఫీసు వరండాలోనే ఉన్నాడు. నేను ఇంట్లో ఆ నవారు మంచం మీద కూర్చోలేకపోయాను, నేలమీదే పడుకున్నాను. నేను వేసిన ఆ మూడంకెలే కళ్ళు మూసినా తెరిచినా కనిపించేవి. పదహారు అని రాసి ఉంటే? మా ఆయన రాసినదానితో కలిసేది కాదు, మమ్మల్నీ అక్కడే కూర్చోబెట్టేవాళ్ళు. ముందే ఉత్తరంలో రాసి ఉంటే? అప్పుడు మాస్టారు కూడా అదే చెప్పి ఉండేవారు. ముందే పీఎఫ్ కాగితం తెప్పించుకుని ఉండేవారు. ఎంతకీ తెమలని ఆలోచనలు.

సోమవారం మధ్యాహ్నం మా ఆయన చెమటతో తడిసి వచ్చాడు. ఆఫీసువాళ్ళు మాస్టారి దరఖాస్తుకి నకలు తీసి, ముద్రవేసి, కవర్లో పెట్టి అంటించి ఇచ్చారు. పైన ఇన్స్‌పెక్టరు హోదా రాసి ఉంది.

"మూడువందలు తీసినట్టుందట. తారీఖు కూడా పెళ్ళికి పదిరోజుల ముందుదే. గుమాస్తా సెప్పాడు" అన్నాడు. మూడు రోజుల తర్వాత అప్పుడే ఇంత అన్నం తిన్నాం.

మంగళవారం మొదటి బస్సుకి ఇద్దరం వెళ్ళాం. దిగేసరికి చినుకులు మొదలయ్యాయి, ఆ ఏటికి మొదటి వాన. బడి గేటు దగ్గర జోగయ్య ఒక్కడే ఉన్నాడు. వరండాలో తుపాకుల్లేవు. ఇద్దరాడవాళ్ళు గది కడుగుతున్నారు.

"అయ్యగారు నేరు బాబూ" అన్నాడు జోగయ్య.

"ఎప్పుడొస్తారు? కాగితం తెచ్చాం. మాస్టారిని చూడొచ్చా?"

జోగయ్య మా ఆయన మొహం చూడలేదు. "మేస్టరుగారూ నేరు. దారి సూపించమని నిన్న తెల్లారగట్ల కొండమీదికి తీసికెల్లినారు. తిరిగొచ్చినోళ్ళలో ఆయన నేరు. రేపు పేపర్లో ఎదురుకాల్పులని ఏదో ఒకటి వస్తాది. మీరింక ఎల్లిపోండి బాబూ. ఆ కాగితం ఇక్కడెవులికీ ఇవ్వొద్దు, తవుఁరికే ఇబ్బంది."

మా ఆయన వానలో అక్కడే కూలబడిపోయాడు. కవరు నా చేతిలో ఉండిపోయింది. ఇవ్వాల్సిన మనిషి లేడు కాబట్టి చింపి తీశాను. అచ్చు ఫారం మీద మాస్టారు నింపినదానికి ఎవరో గుమాస్తా తీసిన నకలు. కావలసిన మొత్తం అంకెల్లో ఉంది, అక్షరాల్లోనూ ఉంది. దాని కింద, ఏ అవసరం నిమిత్తము అన్నచోట, కుమార్తె వివాహము అని రాసి ఉంది. కుమార్తె పేరు అన్నచోట జగదీశ్వరి అని ఉంది.

మా ఆయన ఏముందని అడిగాడు. మొదటినుంచి చదువుతూ వచ్చాను. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి చదవలేకపోయాను. కాగితం ఆయన చేతికిచ్చాను.